బయలుదేరబోయే వెండరును ఆపవలసి వచ్చినప్పుడు

ఇటీవల మా విభాగంలో చేరిన ఒక యువ ఇంజనీరు, ఒక వెండరుకు పంపబోయే మెయిలును ముందుగా నాకు చూపించారు. సోమవారం ఉదయం ప్లాంటుకు రావలసిన సర్వీసు బృందాన్ని రావద్దని చెప్పే మెయిలు అది. అనివార్య కారణాల వల్ల సందర్శనను వాయిదా వేస్తున్నామని, అసౌకర్యానికి చింతిస్తున్నామని, కొత్త తేదీని త్వరలో తెలియజేస్తామని మూడు వాక్యాలు ఉన్నాయి. మర్యాదలో ఏ లోపమూ లేదు. అయినా ఆ మెయిలును అలాగే పంపవద్దని నేను చెప్పాను. ఎందుకు వద్దన్నానో అప్పటికి రెండు మాటల్లో చెప్పి ఊరుకున్నాను కానీ, ఆ విషయాన్ని వివరంగా రాయాలని అప్పటి నుంచి అనిపిస్తూనే ఉంది.

నేను ఉద్యోగ జీవితంలో మొదటి కొన్నేళ్లు, నీటిని చల్లబరిచే యంత్రాలైన చిల్లర్ల సర్వీసు సంస్థలో పనిచేసి, తరువాత హైదరాబాదు శివారులోని ఒక ఔషధ పరిశ్రమలో యుటిలిటీస్ విభాగానికి వచ్చాను. రద్దు కబురు అందుకోవడమూ తెలుసు, పంపడమూ తెలుసు. ఆ రెండు వైపుల అనుభవంతో నాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే. చివరి నిమిషంలో సందర్శనను రద్దు చేసినప్పుడు సంబంధాన్ని నిలిపేది క్షమాపణలోని మెత్తదనం కాదు. మన మనసులో అనుమానం పుట్టిన గంటలోనే చెప్పడం, నిజమైన కారణం చెప్పడం, దానివల్ల అవతలివారికి తగిలిన ఖర్చును వారు అడగకముందే మన ఖాతాలో వేసుకోవడం, ఈ మూడే నిలుపుతాయి. ఈ మూడూ లేని చోట ఎంత తీయగా రాసినా అది కాగితం మీది మర్యాదగానే మిగిలిపోతుంది.

జరిగిన సంగతి

మా ప్లాంటులో నీటితో చల్లబడే స్క్రూ చిల్లర్లు రెండు ఉన్నాయి. వేసవిలో రెండూ నడవాలి. చలికాలంలో ఒక్కటి సరిపోతుంది కాబట్టి వార్షిక సర్వీసును జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే పెట్టుకుంటాము. నేను చెప్పబోయే సంఘటన జరిగిన ఏడాది మొదటి చిల్లరు కండెన్సరులో అప్రోచ్ పెరుగుతూ వచ్చింది. కండెన్సరులో గ్యాసు ద్రవంగా మారే ఉష్ణోగ్రతకూ, బయటికి వెళ్లే నీటి ఉష్ణోగ్రతకూ మధ్య తేడానే అప్రోచ్ అంటారు. ట్యూబులు శుభ్రంగా ఉన్నప్పుడు మా యంత్రంలో అది ఒకటిన్నర డిగ్రీల దగ్గర ఉంటుంది. అదే లోడు మీద మూడున్నర దాటిందంటే ట్యూబుల లోపల పొలుసు కట్టిందన్న మాట. కంప్రెసరు అదే చల్లదనానికి ఎక్కువ కరెంటు తీసుకోవడం మొదలుపెడుతుంది.

అందుకని సోమవారం నుంచి మూడు రోజుల షట్‌డౌన్ తీసుకున్నాము. మొదటి రోజు నీరు దించి, రెండు వైపుల మూతలు విప్పి, ట్యూబులను బ్రష్షుతో శుభ్రం చేయాలి. రెండో రోజు ఎడ్డీ కరెంట్ పరీక్ష, అంటే ప్రతి ట్యూబులోకీ ప్రోబు పంపి గోడ ఎక్కడ పలచబడిందో చూడడం. మూడో రోజు కొత్త గాస్కెట్లతో మూతలు బిగించి, ఆయిలూ ఆయిలు ఫిల్టరూ మార్చడం. దీనికి ముగ్గురు వేర్వేరు చోట్ల నుంచి రావాలి. సర్వీసు సంస్థ ఇంజనీరు చెన్నై నుంచి ఆదివారం సాయంత్రం రైలులో, ఎడ్డీ కరెంట్ పరీక్ష చేసే వ్యక్తి పుణె నుంచి ఆదివారం రాత్రి బస్సులో, ట్యూబులు శుభ్రం చేసే చిన్న బృందం బాలానగర్ నుంచి సోమవారం పొద్దున్నే తమ బండిలో. పుణె నుంచి పరీక్ష పరికరం అప్పటికే పార్సిలులో బయలుదేరింది.

శుక్రవారం మధ్యాహ్నం ప్రొడక్షన్ ప్లానింగ్ సమావేశంలో ఒక ఎగుమతి ఆర్డరును ముందుకు జరిపే ప్రస్తావన వచ్చింది. అది నీటిలో వేస్తే పొంగి కరిగే మాత్రల ఆర్డరు. ఆ మాత్రలకు గాలిలోని తేమే శత్రువు. వాటిని తయారు చేసే గదిలో సాపేక్ష ఆర్ద్రతను 25 శాతం చుట్టుపక్కల లేదా అంతకంటే తక్కువగా ఉంచాలి. ఆ గదుల డీహ్యూమిడిఫయర్లు మొదలైతే చల్లని నీటి అవసరం ఒక్క చిల్లరుకు మించిపోతుంది. అంటే ఆర్డరు ముందుకు వస్తే సర్వీసు వెనక్కి పోవాలి. నిర్ణయం మాత్రం శనివారం మధ్యాహ్నానికి గాని తేలదన్నారు.

అనుమానాన్ని కూడా చెప్పాలా?

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. నిర్ణయం కాకముందే చెబితే అనవసరంగా కంగారు పెట్టినట్టవుతుందని, ఖరారయ్యాక ఒకేసారి చెప్పడమే పద్ధతని అనుకుంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. చలికాలం చిల్లరు సర్వీసుకు గిరాకీ ఎక్కువగా ఉండే కాలం. ఊగిసలాడుతున్న కస్టమరు అని తెలిస్తే, మన తేదీలను మరొకరికి ఇచ్చేసే అవకాశం నిజంగానే ఉంటుంది. మర్నాడు ప్రొడక్షన్ వారు మనసు మార్చుకుంటే మనకు షట్‌డౌనూ ఉంటుంది, చేసే మనుషులే ఉండరు.

అయినా శుక్రవారమే చెప్పాలని నేను నమ్ముతాను. వెండరు నష్టం సోమవారం పొద్దున మొదలుకాదు. ఆదివారం సాయంత్రం రైలుకు ఏసీ తరగతుల తత్కాల్ బుకింగు శనివారం ఉదయం 10 గంటలకు తెరుస్తారు. ధ్రువీకరించిన తత్కాల్ టికెట్టును ప్రయాణికుడు రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాదు. బాలానగర్ బృందం యజమాని శనివారం సాయంత్రానికి కూలీలను మాట్లాడుకుని, వేరే పని వస్తే కాదంటారు. పుణె వ్యక్తి ఆదివారం పొద్దుటికే ఇంట్లో సర్దుకుంటారు. మన క్యాలెండరులో సందర్శన సోమవారం కావచ్చు, వారి చేతిలో నుంచి డబ్బూ అవకాశమూ జారడం మొదలయ్యేది శనివారం పది గంటలకు. ఆ గడియ తెలియనివారికి ఆదివారం ఉదయం పంపిన మెయిలు కూడా ఒకరోజు ముందుగానే చెప్పినట్టు అనిపిస్తుంది.

శుక్రవారం సాయంత్రం నేను సంస్థ సర్వీసు కోఆర్డినేటరుకు ఫోను చేశాను. ఆ మాటల్లో దాచవలసినదేమీ లేదు కాబట్టి గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

“అండీ, సోమవారం షట్‌డౌన్ మీద నాకు అనుమానం వచ్చింది. ప్రొడక్షన్ వాళ్లు ఒక ఆర్డరు ముందుకు తెస్తారేమో. రేపు మధ్యాహ్నం రెండింటికల్లా ఔనో కాదో నేనే చెప్తాను. అప్పటిదాకా తత్కాల్ తీయకండి.”

“తత్కాల్ తీయకపోతే రైలు దొరకదు సార్.”

“దొరక్కపోతే బస్సులో రప్పించండి, తేడా మేము భరిస్తాము. ఇంకో మాట. బాలానగర్ వాళ్లకు వేరే పని ఏదైనా ఉంటే కాదనవద్దని చెప్పండి.”

ఆవిడ ఒక క్షణం ఆగి, “సార్, కాటేదాన్‌లో ఒకళ్లు రెండు రోజులుగా అడుగుతున్నారు, వాళ్లకు పెట్టేయనా?” అన్నారు. పెట్టేయమన్నాను. అప్పటికి నా షట్‌డౌన్ రద్దు కాలేదు. రద్దు కాకపోతే శుభ్రం చేసే బృందం కోసం నేనే పరుగెత్తవలసి వచ్చేది. ఆ ఇబ్బందిని నేను పడడమే న్యాయమని తోచింది, ఎందుకంటే అస్థిరత పుట్టింది మా సమావేశంలో.

శనివారం ఒంటిగంటకు ఆర్డరు ఖాయమైంది. రెండు గంటలకు ముందే ఫోను చేశాను. కోఆర్డినేటరుకు చెప్పాక, చెన్నై ఇంజనీరుకు కూడా విడిగా చేశాను. ఆయనది సూళ్లూరుపేట వైపు, మా యంత్రాన్ని ఏళ్లుగా చూస్తున్న మనిషి. ఆయన తన ఆదివారాన్ని మా కోసం వదులుకోబోయారు కాబట్టి ఆ కబురు ఆయన ఆఫీసు ద్వారా మాత్రమే చేరడం నాకు ఇష్టం లేకపోయింది. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టలేదు. అందులో రెండు సంస్థలవారూ పైఅధికారులూ ఉంటారు. అలాంటి చోట రద్దు వార్త చదివినవాడు తన అసంతృప్తిని కూడా చెప్పుకోలేడు.

కారణాన్ని ఎంతవరకు చెప్పాలి

యంత్రం చెడిందనో, కరెంటు సమస్యనో చెప్పి ఉంటే ఇంకా సులభంగా ఉండేది. అలాంటి కారణాలను ఎవరూ తప్పుపట్టరు. మా కారణం అటువంటిది కాదు. మా లాభం కోసం వారి మూడు రోజులను పక్కన పెట్టాము. అది ఎవరి దురదృష్టమూ కాదు, మేము చేసుకున్న ఎంపిక. అందుకే దానికి అనివార్యమనే ముసుగు తొడగకూడదని నా అభిప్రాయం. “ఆర్డరు ముందుకు వచ్చింది, రెండు చిల్లర్లూ కావాలి, యాజమాన్యం ఆర్డరునే ఎంచుకుంది” అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెన్నై ఇంజనీరు అందులో తప్పేమీ చూడలేదు. వ్యాపారం ఎలా నడుస్తుందో ఆయనకు నాకంటే బాగా తెలుసు. కారణం తెలియని వెండరు మాత్రం తనకు తోచినట్టు ఊహించుకుంటాడు. వేరే సంస్థతో మాట్లాడుతున్నారేమో, రేటు తగ్గించమని అడగబోతున్నారేమో, పోయినసారి పని నచ్చలేదేమో అని అనుకుంటాడు. నేను సర్వీసు సంస్థలో ఉన్న రోజుల్లో మా మేనేజరు ఇలాంటి మెయిలు వచ్చినప్పుడల్లా మొదట అడిగే ప్రశ్న, “పోయిన విజిట్‌కు ఎవరు వెళ్లారు?” అనే. అంటే కారణం చెప్పని రద్దు, పాపం ఆ వెళ్లిన కుర్రవాడి మీద పడేది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. కొన్ని కారణాలు చెప్పకూడనివి. మా పరిశ్రమలో దానికి అందరికీ తెలిసిన ఉదాహరణ నియంత్రణ సంస్థల తనిఖీ. అమెరికా ఎఫ్‌డీఏ విదేశీ ప్లాంట్లలో ముందు చెప్పకుండా చేసే తనిఖీలను విస్తరిస్తున్నట్టు 2025 మేలో ప్రకటించింది. అటువంటి బృందం ఉదయం గేటు దగ్గర దిగితే ఆ వారమంతా బయటివారి పని చాలావరకు ఆగిపోతుంది. తోడుగా తిరిగే సిబ్బంది ఖాళీగా ఉండరు, చిల్లరు మూతలు విప్పి పెట్టుకోవడానికి అది సమయమూ కాదు. తనిఖీ జరుగుతున్న సంగతిని బయట చెప్పవద్దని ఆదేశమూ ఉంటుంది. అప్పుడు ఏం చెప్పాలి?

అబద్ధం చెప్పకుండా ఆగిపోవచ్చని నాకు అనుభవంలో తెలిసింది. “ఈ వారం బయటివారి పనులు ఏవీ జరగడం లేదు, మీ ఒక్కరిదే కాదు. కారణం చెప్పే అధికారం నాకు లేదు. మీ పనితో దీనికి సంబంధం లేదు.” ఈ మూడు మాటలు చాలు. వెండరుకు నిజంగా తెలియవలసింది మా రహస్యం కాదు, ఆ కారణం తనకు సంబంధించినదా కాదా అన్నదే. ఔషధ పరిశ్రమల చుట్టూ తిరిగేవారికి మిగతాది అడగకుండానే అర్థమవుతుంది.

డబ్బు సంగతి

మా కొనుగోలు విభాగంలోని సహోద్యోగికీ నాకూ ఈ విషయంలో పెద్ద వాదనే జరిగింది. ఆయన మాటలను తేలికగా కొట్టిపారేయలేము. వార్షిక నిర్వహణ ఒప్పందంలో రద్దు ఖర్చుల ప్రస్తావన లేదని, ఒకసారి ఇస్తే అదే ఆనవాయితీ అవుతుందని, వారి ఇంజనీరు రాకుండా ఎగ్గొట్టినప్పుడు మనకెవరైనా కట్టారా అని ఆయన అడిగారు. చివరి ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. వెండర్లూ మాట తప్పుతారు. అయితే వారు రానప్పుడు మేము ఒప్పందం ప్రకారం బిల్లులో కోత పెడుతున్నాము. మేము వద్దన్నప్పుడు కోత పెట్టుకునే వీలు వారికి లేదు. ఒకవైపే పనిచేసే షరతును ఒప్పందంలో ఉంచుకుని, సత్సంబంధాల గురించి మాట్లాడడం నాకు సరి అనిపించదు.

ఖర్చు ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి. పెద్ద సర్వీసు సంస్థ ఒక రద్దును తట్టుకుంటుంది. వారి కింద పనిచేసే పుణె వ్యక్తికి పరీక్ష చేసిన రోజుకే డబ్బు, ప్రయాణంలో పోయిన రోజుకు కాదు. మేము పెద్ద సంస్థకు ఎంత మర్యాద చూపినా, ప్రత్యేకంగా అడిగితే తప్ప అది ఆయన దాకా చేరదు. నేను కోఆర్డినేటరును అడిగింది అందుకే. ఎవరి చేతి డబ్బు పోయిందో విడివిడిగా రాసి పంపమన్నాను. పార్సిలు రానూపోనూ ఖర్చు, పుణె వ్యక్తి రెండు రోజుల భత్యం, బస్సు టికెట్టు రద్దు తగ్గింపు, ఇంతే వచ్చింది. తత్కాల్ తీయలేదు, బాలానగర్ బృందం కాటేదాన్‌లో పనికి వెళ్లింది. శుక్రవారం ఫోను చేయకపోతే ఆ జాబితా రెండింతలు ఉండేది.

చెల్లించడంలో ఒక చిక్కు ఉంది, తెలియక చాలామంది ఇక్కడే మాట నిలుపుకోలేకపోతారు. జరగని పనికి మా కొనుగోళ్ల సాఫ్ట్‌వేరు శాప్‌లో, పని జరిగిందని నమోదు చేసే సర్వీస్ ఎంట్రీ షీట్ వేయలేము. వేస్తే ఆడిటులో అభ్యంతరం వస్తుంది, వేయకపోతే అకౌంట్స్ వారు బిల్లు తిప్పి పంపుతారు. నోటితో ఒప్పుకున్న డబ్బు నెలల తరబడి అందకపోతే, అసలు ఒప్పుకోకపోవడం కంటే ఎక్కువ చేదు మిగులుతుంది. అందుకని ‘సందర్శన రద్దు ఖర్చులు, ఆధారాల మేరకు’ అని పర్చేజ్ ఆర్డరులో ఒక వేరే వరుసను చేర్పించాము. దాని మీద జీఎస్టీ ఎలా అన్న ప్రశ్న కూడా వచ్చింది. 2022 ఆగస్టు 3న వెలువడిన జీఎస్టీ సర్క్యులరు, రద్దు రుసుమును అసలు సేవకు పట్టే పన్ను ప్రకారమే చూడాలని స్పష్టం చేసింది కాబట్టి సర్వీసు బిల్లుకు వేసే పన్నే దీనికీ వేయించాము.

ఇంతకంటే ముఖ్యమైన పాఠం బాలానగర్ యజమాని దగ్గర దొరికింది. ఆయన పెద్దవారు, ఆ పనిలోనే తల నెరిసినవారు. ఆయనకు విడిగా ఫోను చేసి ఏమైనా నష్టం జరిగిందా అని అడిగితే, “దీనికేం ఇవ్వద్దు సార్. దసరా ముందు చేసిన హీట్ ఎక్స్‌ఛేంజరు బిల్లు ఇంకా రాలేదు, అది ఒక్కటి చూడండి” అన్నారు. ఆ పని మేము ఆయనకు నేరుగా ఇచ్చినది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం ఆయనవంటి నమోదైన చిన్న సంస్థలకు, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా, 45 రోజులు దాటకుండా చెల్లించాలి. బిల్లు ఎక్కడో సంతకం కోసం ఆగిపోయి ఉంది. దాన్ని కదిలించి, డబ్బు ఖాతాలో పడ్డాకనే ఆయనతో కొత్త తేదీ గురించి మాట్లాడాను. పాత బాకీ ఉండగా కొత్త ఇబ్బంది పెట్టి, పైగా సహకరించమని అడగడం ఎంత బరువైన కోరికో ఆయన మాటతో నాకు అర్థమైంది. అప్పటి నుంచి రద్దు ఫోను చేసే ముందు ఆ వెండరు పాత బిల్లుల స్థితిని ఒకసారి చూసుకుంటున్నాను.

కొత్త తేదీ, పాత రికార్డు

త్వరలో తెలియజేస్తామన్న వాక్యం మీద నా అభ్యంతరం వేరు. అది వెండరును అనిశ్చితిలో నిలబెడుతుంది, మన కోసం రోజులు ఖాళీ పెట్టుకోవాలో వద్దో ఆయనకు తెలియదు. అలాగని అప్పటికప్పుడు ఏదో ఒక తేదీ చెప్పడం ఇంకా ప్రమాదం. ఆ తేదీ మన చేతిలో లేనిది. మొదటి రద్దును ఎవరైనా అర్థం చేసుకుంటారు, రెండోసారి రద్దయితే ఇక ఆ కస్టమరు పేరు జాబితాలో కిందికి పోతుంది. ఎంత స్నేహం ఉన్నా ఇది తప్పదు, వారూ తమ మనుషులకు పని చూపించాలి. అందుకని నేను ప్రొడక్షన్ అధిపతి సంతకంతో రెండు ప్రత్యామ్నాయ షట్‌డౌన్ విడతలు తీసుకున్నాక, సోమవారం వాటిని పంపి ఎంచుకోమన్నాను. శనివారం ఫోనులో మాత్రం “తేదీ సోమవారం చెప్తాను, అప్పటిదాకా నా కోసం ఏదీ ఆపిపెట్టవద్దు” అని చెప్పాను.

వాయిదా పడ్డ ఆ వారాల్లో చిల్లరు ఎలా నడవాలన్నది చెన్నై ఇంజనీరునే అడిగాను. అప్రోచ్ ఎంతవరకు పోవచ్చు, డిశ్చార్జ్ ప్రెషరు ఏ గీత దాటితే లోడు తగ్గించాలి, రోజూ ఏ గంటకు రీడింగు తీస్తే పోల్చడానికి వీలవుతుంది అని. ఆయన చెప్పిన హద్దులను లాగ్ బుక్కులో ఆయన పేరుతో రాయించి, రోజూ ఆ రీడింగులను ఆయనకు పంపించాము. ఇది ఆయనను బుజ్జగించడానికి చేసిన పని కాదు. పొలుసుతో ఉన్న యంత్రాన్ని పూర్తి లోడు మీద నడపబోతున్న మాకు ఆ సలహా నిజంగా అవసరం.

బయటికి కనిపించని మరో పని కూడా ఉంది. మా సిస్టములో ప్రతి వెండరుకూ సమయపాలన మార్కులు పడతాయి. ప్లాను ప్రకారం సర్వీసు జరగకపోతే ఎవరి వల్ల ఆగిందో చూడకుండా ఆ ఆలస్యం వెండరు ఖాతాలోకే పోతుంది. ఏడాది చివర ఒప్పందం పొడిగింపు వేళ ఆ మార్కులే ఎదురుగా ఉంటాయి, ఈ ఫోను సంభాషణలు ఎవరికీ గుర్తుండవు. కాబట్టి సర్వీసు మా కోరిక మీద వాయిదా పడిందని, ఈ మధ్యలో కండెన్సరుకు సంబంధించి ఏ సమస్య వచ్చినా అది వెండరు లోపంగా లెక్కించబోమని ఒక పేరా రాసి, నాణ్యతా విభాగం ఆమోదంతో రికార్డు చేసి, ప్రతిని సంస్థకు పంపాను. కోఆర్డినేటరు నుంచి వచ్చిన జవాబుల్లో ఆ ఒక్కదానికే ‘మా మేనేజరుగారికి చూపించాను’ అని ఉంది.

ఇంత చేశాక కూడా నాకు తీరని సందేహం ఒకటి ఉంది. మనం కస్టమరులం. వెండరు “పరవాలేదు సార్” అన్నప్పుడు అది నిజంగా పరవాలేదో, అలా అనక తప్పదో తెలుసుకోవడం కష్టం. ఫోనులో గొంతును బట్టి నేను లెక్కవేయను. తరువాత వచ్చే బృందంలో అదే అనుభవజ్ఞుడు ఉన్నాడా, కొత్త కుర్రవాడిని పంపారా అన్నది చూస్తాను. మార్చి మొదటి వారంలో, అందరి చిల్లర్లూ మొరాయించే ఆ రోజుల్లో, సూళ్లూరుపేట ఆయనే వచ్చారు.

ఒప్పందం పొడిగింపు ఇప్పుడు చర్చలో ఉంది. రద్దు ఖర్చుల షరతుకు కొనుగోలు విభాగం ఒప్పుకుంది, అయితే 24 గంటల లోపు రద్దు చేస్తేనే వర్తించాలంటోంది. సోమవారం ఉదయపు పనికి 24 గంటలంటే ఆదివారం ఉదయం. అప్పటికి టికెట్టు తీసి ఒక రోజు గడిచి ఉంటుంది. గడువును సందర్శన గంట నుంచి కాక, ప్రయాణం ఖరారు చేసుకునే గంట నుంచి లెక్కించాలని నేను రాసి పంపిన సవరణ ఇంకా వారి దగ్గరే ఉంది.